వాలు పక్కల కాలువలో తవ్విన మట్టి ఎంత, టిప్పర్ ట్రిప్పులు ఎన్ని: కొలత నుంచి తోలకం దాకా

కాలువ పొడవు 90 మీటర్లు. కింది వెడల్పు 1.2 మీటర్లు. లోతు ఒకచోట 1.4, ఇంకోచోట 2 మీటర్లు. రెండు పక్కలా వాలు. ఈ మట్టినంతా బయటికి తోలాలంటే పది టైర్ల టిప్పర్ ఎన్ని ట్రిప్పులు వేయాలి?

ఈ ఒక్క కాలువకే ఒకరు 33 అంటారు, ఇంకొకరు 42 అంటారు, మరొకరు 48 అంటారు. ముగ్గురి గుణకారాల్లోనూ తప్పుండదు. మొదటివాళ్లు తవ్వాక వదులై పెరిగే మట్టి పొంగునూ, బండి బరువు హద్దునూ వదిలేశారు. రెండోవాళ్లు టిప్పర్ మోయగలిగిన బరువును వదిలేశారు. ఈ మూడు అంకెలు ఎలా వచ్చాయో, వాటిలో దేన్ని నమ్మాలో కింద వరసగా చూద్దాం. చివరిదాకా ఇదే కాలువను ఉదాహరణగా తీసుకుంటాం. మట్టి మొరం కలిసిన ఎర్రమట్టి, వాలు 1:1.

## 1. మిషన్ దిగకముందు

కొలతల్లో సగం తవ్వకం మొదలవ్వక ముందే అయిపోవాలి. ఒకసారి బకెట్ నేలకు తగిలిందంటే పాత నేల మట్టం ఎక్కడుందో చెప్పడం కష్టం. తవ్విన మట్టిని గట్టు మీదే పోస్తారు కాబట్టి, తర్వాత టేపు వేసినవాళ్లు ఆ కుప్ప మీద నుంచి లోతు కొలుస్తారు. 30 సెంటీమీటర్ల కుప్ప మందం లోతులో కలిసిపోతుంది.

తవ్వేముందు ఇవి పూర్తయ్యాయో లేదో చూసుకోండి:

- కాలువ మధ్య గీత వెంబడి సున్నం వేసి, పొడవును ఆ గీత మీదే కొలిచారా? మలుపు ఉన్నచోట గట్టు వెంట కొలిస్తే పొడవు తప్పుతుంది.
- ప్రతి 30 మీటర్లకూ ఒక పెగ్గు పాతారా? వాటికి తోడు, నేల ఒక్కసారిగా ఎత్తు పల్లాలు మారేచోటల్లా ఇంకో పెగ్గు ఉండాలి.
- ప్రతి పెగ్గు దగ్గరా మధ్యలోనూ, రెండు అంచుల దగ్గరా నేల మట్టం ఆటో లెవెల్‌తో తీసి పుస్తకంలో రాశారా?
- ఈ మట్టాలకు ఆధారంగా, మిషన్ తిరగని చోట ఒక చెదరని గుర్తు పెట్టారా? కల్వర్టు గోడ, కరెంటు స్తంభం దిమ్మె లాంటివి సరిపోతాయి.
- పనిచేయించేవాళ్లూ, చేసేవాళ్లూ ఇద్దరూ ఆ పేజీ మీద సంతకం పెట్టారా?

చివరిది అన్నిటికంటే ముఖ్యం. బిల్లు దగ్గర తగాదా వచ్చేది లెక్క మీద కాదు, "మొదట నేల ఎంత ఎత్తులో ఉంది" అన్నదాని మీద.

## 2. వాలును సరిగా చదవడం

1:1 వాలు అంటే ఒక మీటరు లోతుకు ఒక మీటరు పక్కకు జరగడం. దీన్ని ఎటు చదివినా ఒకటే. చిక్కంతా 1.5:1, 1:2 లాంటి వాటితోనే. కాలువల నక్షాల్లో ఎక్కువగా అడ్డం కొలత ముందు రాస్తారు. కొన్నింటిలో నిలువు ముందుంటుంది. నక్షాలో అడ్డానికి H, నిలువుకు V అని పక్కన రాసి ఉంటే గొడవ లేదు.

తలకిందులుగా చదివితే ఎంత తేడా వస్తుందో చూడండి. కింద 1.2 మీటర్లు, లోతు 2 మీటర్లు అనుకుందాం. నిలువు ఒకటికి అడ్డం ఒకటిన్నర అయితే సెక్షన్, అంటే కాలువను అడ్డంగా కోస్తే కనిపించే ముఖం, 8.40 చదరపు మీటర్లు. అదే అడ్డం ఒకటికి నిలువు ఒకటిన్నర అయితే 5.07. అంటే ప్రతి మీటరు పొడవుకూ 3.33 క్యూబిక్ మీటర్ల తేడా.

అనుమానం వస్తే నక్షాలోని పై వెడల్పుతో సరిచూడండి. పై వెడల్పులోంచి కింది వెడల్పు తీసేసి, సగం చేసి, లోతుతో భాగిస్తే వాలు తేలుతుంది:

```
s = (T - b) / (2 × d)
```

ఇక్కడ T పై వెడల్పు, b కింది వెడల్పు, d లోతు. s అంటే ఒక మీటరు లోతుకు ఒక్కో పక్క ఎంత జరుగుతుందో ఆ కొలత. తవ్విన కాలువలో పక్కలు నక్షా ప్రకారం వచ్చాయా అని చూడటానికీ ఇదే సూత్రం. s నక్షాలో 1 ఉండి, సైటులో 0.8 వచ్చిందంటే పక్కలు నిటారుగా కోశారని అర్థం. మట్టి తక్కువ తవ్వారు, పైగా వానకు ఆ పక్కలు జారే ప్రమాదం కూడా ఉంది.

## 3. లోతు కొలవడం

ఈ మొత్తం లెక్కలో అతి జాగ్రత్తగా తీయాల్సిన కొలత లోతే. కింది వెడల్పులో పది సెంటీమీటర్ల తేడా వస్తే మట్టి కొద్దిగానే మారుతుంది. లోతులో అదే పది సెంటీమీటర్లు పెరిగితే పై వెడల్పు కూడా పెరుగుతుంది.

పద్ధతి ఇలా:

1. కాలువకు అడ్డంగా, ఒక గట్టు నుంచి రెండో గట్టుకు తాడు బిగువుగా లాగండి. తాడుకు లైన్ లెవెల్ తగిలించి మట్టం చూడండి. తాడు రెండు కొసలూ పాత నేల మట్టంలో ఉండాలి, పోసిన కుప్ప మీద కాదు.
2. తాడు నడుమ నుంచి గుండు వేలాడదీసి అడుగుదాకా నిలువుగా కొలవండి.
3. అదే సెక్షన్‌లో కింది వెడల్పు, పై వెడల్పు కూడా రాయండి. లోతు, వాలు చేతిలో ఉండగా పై వెడల్పు ఎందుకంటారా? మూడు కొలతలూ ఒకదానితో ఒకటి పొసగకపోతే ఎక్కడో తప్పు కొలిచారని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

బాగా జరిగే తప్పు ఒకటుంది. టేపును వాలు మీద పరిచి, ఆ పొడవును లోతు అని రాసేస్తారు. 1:1 వాలులో 2 మీటర్ల లోతుకు వాలు పొడవు 2.83 మీటర్లు. దాన్నే లోతుగా వేస్తే సెక్షన్ 6.40కి బదులు 11.40 చదరపు మీటర్లు వస్తుంది. పుస్తకంలో లోతులన్నీ అనుకున్నదానికంటే దాదాపు 1.4 రెట్లు కనిపిస్తే ఇదే జరిగిందని అనుమానించండి.

గట్టు రెండు పక్కలా సమానంగా లేకపోయినా, అడుగు గుంటలు గుంటలుగా ఉన్నా, ఒక్క లోతుతో లెక్క కుదరదు. అప్పుడు తాడు మట్టం చూడాల్సిన పనిలేదు, దాన్ని రెండు పక్కల పాత నేల మట్టాలకు కలిపి లాగండి. తాడు వెంట అడ్డంగా అర మీటరుకు ఒకచోట నిలువు లోతు తీయండి. రెండు కొసల దగ్గరా లోతు సున్నా. మధ్యలోని లోతులన్నీ కూడి 0.5తో గుణిస్తే సెక్షన్ వైశాల్యం దాదాపుగా వస్తుంది.

తవ్విన మట్టిని అంచు నుంచి కనీసం 1.5 మీటర్ల దూరంలో పోయించండి. కొలతకు చోటు దొరుకుతుంది, అంచు మీద బరువూ పడదు. నిటారుగా కోసిన పక్కలున్నచోట, మనిషి ఛాతీ దాటిన లోతులోకి టేపు పట్టుకుని దిగవద్దు. పైనుంచి గుండుతోనో, లెవెలింగ్ స్టాఫ్ అనే కొలత కర్రతోనో కొలవండి.

## 4. ఒక్కో సెక్షన్ వైశాల్యం

కాలువ పక్కలు నిటారుగా కోసినట్టుంటే కింది వెడల్పును లోతుతో గుణిస్తే సరిపోయేది. వాలు వల్ల రెండు పక్కలా రెండు త్రిభుజాలు కలుస్తాయి. ఆ రెండు త్రిభుజాలూ కలిపి s × d × d. అందుకే:

```
A = (b + s × d) × d
```

మన కాలువలో b 1.2, s 1. చైనేజీ అంటే కాలువ మొదలు నుంచి ఆ పెగ్గుదాకా ఉన్న దూరం. నాలుగు పెగ్గుల దగ్గర కొలిచిన లోతులు, వాటి వైశాల్యాలు ఇవి:

| చైనేజీ (మీ.) | లోతు (మీ.) | పై వెడల్పు (మీ.) | వైశాల్యం (చ.మీ.) |
|---|---|---|---|
| 0 | 1.40 | 4.00 | 3.64 |
| 30 | 1.70 | 4.60 | 4.93 |
| 60 | 2.00 | 5.20 | 6.40 |
| 90 | 1.60 | 4.40 | 4.48 |

ఎక్సెల్‌లో వేస్తే B2 గడిలో కింది వెడల్పు, C2 గడిలో వాలు, D2 గడిలో లోతు పెట్టి, పక్క గడిలో ఈ సూత్రం రాయండి:

```
=(B2+C2*D2)*D2
```

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. వాలును పట్టించుకోకుండా 1.2 మీటర్ల వెడల్పుతోనే లెక్కేస్తే ఈ కాలువ మొత్తానికి 187 క్యూబిక్ మీటర్లే వస్తుంది. అసలు లెక్క 460 అని కింద తేలుతుంది. అంటే సగానికంటే ఎక్కువ మట్టి ఆ రెండు పక్కల త్రిభుజాల్లోనే ఉంది. "పైపు వెడల్పుకు తవ్వుతున్నాం, ఎంత మట్టి వస్తుందిలే" అనుకున్నవాళ్లు టిప్పర్లు చాలక ఆగిపోయేది ఇందుకే.

## 5. సెక్షన్ల నుంచి మొత్తం మట్టి

పక్కపక్కన ఉన్న రెండు సెక్షన్ల వైశాల్యాలు కూడి, సగం చేసి, మధ్య దూరంతో గుణించాలి. సైటులో నడిచే పద్ధతి ఇదే:

- 0 నుంచి 30: (3.64 + 4.93) ÷ 2 × 30 = 128.55
- 30 నుంచి 60: (4.93 + 6.40) ÷ 2 × 30 = 169.95
- 60 నుంచి 90: (6.40 + 4.48) ÷ 2 × 30 = 163.20

మొత్తం 461.70 క్యూబిక్ మీటర్లు.

ఈ పద్ధతిలో లోతు మారేచోట కొద్దిగా ఎక్కువే వస్తుంది, ఎందుకంటే వైశాల్యం లోతుతో పాటు సమంగా పెరగదు, అంతకంటే వేగంగా పెరుగుతుంది. ఎంత ఎక్కువ వచ్చిందో తెలుసుకోవడం తేలికే:

```
సవరణ = L × s × (d1 - d2)² / 6
```

ఇక్కడ L రెండు సెక్షన్ల మధ్య దూరం, d1, d2 వాటి లోతులు. మొదటి ముక్కలో 0.45, రెండో ముక్కలో 0.45, మూడో దాంట్లో 0.80. మొత్తం 1.70 తీసేస్తే సరిగ్గా 460 క్యూబిక్ మీటర్లు. పట్టింపు లేనంత చిన్న తేడా. రెండు పెగ్గుల మధ్య లోతు మీటరుకు పైగా మారితే మాత్రం ఈ సవరణ చేయండి. లేదా నడుమ ఇంకో సెక్షన్ తీయండి, నన్నడిగితే అదే మేలు.

అసలు దెబ్బ తగిలేది వేరేచోట. మధ్య పెగ్గులు వదిలేసి రెండు కొసల్లోనే కొలిస్తే (3.64 + 4.48) ÷ 2 × 90 = 365.4 వస్తుంది. నడుమ ఉన్న మిట్ట లెక్కలోకి రాలేదు కాబట్టి దాదాపు 95 క్యూబిక్ మీటర్ల మట్టి మాయమైంది. నాలుగు లోతుల సగటు 1.675 తీసి ఒకేసారి లెక్కేస్తే 433 వస్తుంది. అదీ 27 తక్కువే. ముందు ఒక్కో సెక్షన్‌కు వైశాల్యం కట్టాలి, సగటు ఆ తర్వాతే. లోతుల సగటు ముందు తీసి వైశాల్యం తర్వాత కడితే లెక్క తప్పుతుంది.

కాలువ కొసలు పాత కాలువలో కలిస్తే ఇంతటితో సరి. కొసలను కూడా వాలుగా కోస్తే ఒక్కో కొసకు ఇంకొంత మట్టి ఉంటుంది. మన కొలతలకైతే 0 కొసలో 3, 90 కొసలో 4.3 క్యూబిక్ మీటర్లు. మిషన్ దిగడానికి ర్యాంపు కోసి ఉంటే దాన్ని విడిగా కొలిచి విడిగా రాయండి.

## 6. మట్టి పొంగు ఎంతో కొలిచి తెలుసుకోండి

460 క్యూబిక్ మీటర్లన్నది నేలలో గట్టిగా ఉన్నప్పటి కొలత. బకెట్‌తో లాగాక గడ్డల మధ్య ఖాళీలు ఏర్పడతాయి. అదే మట్టి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. టిప్పర్‌లో పడేది ఈ వదులు మట్టే.

సాధారణంగా ఇసుక, సన్నగరప నేలలు 10 నుంచి 15 శాతం పొంగుతాయి. మామూలు ఎర్రమట్టి 20 నుంచి 30 దాకా, బంకమట్టి, నల్లరేగడి 30 నుంచి 40 దాకా పొంగుతాయి. పగలగొట్టిన రాయైతే 50 దాటుతుంది. ఈ అంకెలు అంచనాకే. బిల్లు పెద్దదైతే మీ నేలలోనే పరీక్ష చేయండి. దానికి అరగంట చాలు:

1. పైపొర గడ్డి, చెత్త తీసేసి, 50 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 40 లోతుతో పక్కలు నిటారుగా చిన్న గుంత తవ్వండి. గుంత సరిగ్గా 100 లీటర్లు.
2. వచ్చిన మట్టిలో గుప్పెడు కూడా పోకుండా గోనె పట్టా మీదకు తీయండి. మొత్తం తూకం వేయండి.
3. ఆ మట్టిని కొలత తెలిసిన డబ్బాలో వదులుగా పోస్తూ ఎన్ని లీటర్లు వచ్చిందో లెక్కపెట్టండి. డబ్బాను కుదపకండి, చేత్తో అదమకండి.

మన నేలలో 100 లీటర్ల గుంత మట్టి 175 కిలోలు తూగి, వదులుగా 125 లీటర్లు వచ్చిందనుకుందాం. ఈ రెండు అంకెల నుంచి మూడు సంగతులు తేలతాయి:

- పొంగు 1.25 రెట్లు.
- నేలలో ఉన్నప్పుడు క్యూబిక్ మీటరు 1.75 టన్నులు.
- వదులుగా ఉన్నప్పుడు క్యూబిక్ మీటరు 175 ÷ 125 = 1.40 టన్నులు.

కాబట్టి మన కాలువ మట్టి వదులుగా 460 × 1.25 = 575 క్యూబిక్ మీటర్లు. బరువు 460 × 1.75 = 805 టన్నులు. పొంగితే చోటు పెరుగుతుంది గానీ బరువు పెరగదు. ట్రిప్పుల లెక్కకు ఇదే కీలకం.

పైపొరా, అడుగుపొరా వేరువేరు నేలలైతే పరీక్ష రెండు చోట్ల చేయాలి. పైన మీటరు ఎర్రమట్టి, కింద మెత్తరాయి తగిలే చోట్లలో ఒకే పొంగుతో లెక్కేస్తే కుదరదు.

## 7. టిప్పర్‌లో ఎంత పడుతుంది

టిప్పర్‌కు రెండు హద్దులున్నాయి. ఒకటి తొట్టిలో పట్టేంత, రెండోది బండి మోయగలిగేంత. రెంటిలో ఏది ముందు నిండితే లోడు అక్కడితో ఆగుతుంది.

తొట్టి. డ్రైవర్ చెప్పే అంకె కాకుండా లోపలి కొలతలు మీరే తీయండి. పొడవు 4.70, వెడల్పు 2.30, ఎత్తు 1.30 ఉంటే 14.05, అంటే సుమారు 14 క్యూబిక్ మీటర్లు. ఎత్తు పెంచడానికి పలకలు బిగించారేమో చూడండి. అడుగున పాత మట్టి గట్టిపడి అతుక్కుని ఉంటే ఆ మందం తీసేయాలి. బంకమట్టి తోలే బండ్లలో ఇది మామూలే, వానాకాలంలో మరీను.

కుప్ప. తొట్టి మీద నడుమ 40 సెంటీమీటర్ల ఎత్తున కుప్ప ఉందని, ఆ ఎత్తును తొట్టి వైశాల్యంతో గుణించి 4.3 క్యూబిక్ మీటర్లు కలిపేసేవాళ్లున్నారు. కుప్ప నాలుగు పక్కలకూ వాలిపోయి పెంకుటింటి కప్పులా ఉంటుంది. నిజంగా అందులో ఉండేది 1.8 మాత్రమే. ఖాళీగా ఉన్న మూలలు చూస్తే అదీ ఉండదు. బల్లపరుపుగా నింపించి కొలవడమే తగాదా లేని పద్ధతి.

బరువు. బండి ఆర్‌సీలో రెండు అంకెలుంటాయి: ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి ఉండగలిగిన బరువు. పది టైర్ల బండికి లోడుతో 28,500 కిలోలు, ఖాళీగా 11,500 కిలోలు రాసి ఉంటే మట్టికి మిగిలేది 17,000 కిలోలు. దాన్ని 1,400తో భాగిస్తే 12.1 క్యూబిక్ మీటర్ల వదులు మట్టి. తొట్టిలో 14 పడుతుంది గానీ బండి మోయాల్సింది 12 మాత్రమే.

తొట్టి నిండా పోస్తే 19.6 టన్నులవుతుంది. 2.6 టన్నులు అధికం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ఒక్కో టన్నుకూ 2,000. అదనపు మట్టిని దించేదాకా బండి కదలనివ్వరు కూడా. 42 ట్రిప్పులతో పని ముగిస్తామని రేటు మాట్లాడుకున్న చోట ఈ సంగతి మరిచిపోతుంటారు.

వానకు మట్టి తడిస్తే బరువు హద్దు ఇంకా ముందే వస్తుంది. గుంత మట్టి 175కు బదులు 195 కిలోలు తూగిందనుకోండి. మొత్తం 897 టన్నులవుతుంది. ట్రిప్పులు 48 నుంచి 53కు పెరుగుతాయి. తవ్విన మట్టి గజం కూడా పెరగలేదు, నీళ్లు తోలుతున్నారంతే.

## 8. ట్రిప్పుల లెక్క

ఇక్కడ కలగాపులగం కాకుండా ఉండాలంటే అన్నిటినీ ఒకే కొలతలోకి తేవాలి. ఒక లోడు 12 క్యూబిక్ మీటర్ల వదులు మట్టి అంటే, నేలలో 12 ÷ 1.25 = 9.6 క్యూబిక్ మీటర్లు.

- నేల కొలతతో: 460 ÷ 9.6 = 47.9, అంటే 48 ట్రిప్పులు.
- బరువుతో సరిచూస్తే: 805 ÷ 17 = 47.4, అంటే 48.

రెండు దార్లలోనూ ఒకే అంకె వచ్చింది కాబట్టి లెక్క సరైనదే. మొదట్లో చెప్పిన మిగతా రెండు అంకెలు ఎలా వచ్చాయో ఇప్పుడు తెలిసిపోతుంది. 575ను 14తో భాగిస్తే 41.07, అంటే 42: బరువు చూడలేదు. 460ను నేరుగా 14తో భాగిస్తే 32.9, అంటే 33: పొంగూ చూడలేదు, బరువూ చూడలేదు.

పొంగును గుణించాల్సిన చోట భాగించడం, రెండుసార్లు కలపడం కూడా తరచూ జరిగేవే. ఒక్క మాట గుర్తుంటే చాలు. కాలువను పొంగించి వదులు లోడుతో భాగించండి, లేదా లోడును కుదించి కాలువ కొలతను దానితో భాగించండి. రెండూ కలిపి చేయవద్దు.

ట్రాక్టర్‌తో తోలితే కొలతలు అడుగుల్లో ఉంటాయి. ట్రాలీ లోపల 10 అడుగుల పొడవు, 6 వెడల్పు, 1.75 ఎత్తు అయితే 105 సీఎఫ్‌టీ. ఒక క్యూబిక్ మీటరుకు 35.315 సీఎఫ్‌టీ. 575 × 35.315 = 20,306. దాన్ని 105తో భాగిస్తే 193.4, అంటే 194 ట్రాలీలు. కాలువ మీటర్లలో, ట్రాలీ అడుగుల్లో ఉన్నప్పుడు పొడవులను విడివిడిగా మార్చవద్దు. ఘన కొలతలు కట్టాకే ఒక్కసారి మార్చండి.

## 9. పని నడుస్తుండగానే పట్టుకోవాల్సిన తేడాలు

అంతా అయ్యాక ట్రిప్ చీటీలు లెక్కపెడితే ఏమీ చేయలేరు. మొదటి 30 మీటర్లు పూర్తవగానే ఆగి చూడండి. అక్కడి మట్టి 128 క్యూబిక్ మీటర్లు. దానికి 13, 14 ట్రిప్పులు పడాలి. చీటీలు 17 ఉన్నాయనుకోండి. ఒక్కో ట్రిప్పుకు నేల కొలతలో ఏడున్నరే పోయిందన్నమాట. కారణం మూడింట్లో ఒకటి:

- లోడు తక్కువ వేస్తున్నారు. నాలుగైదు బండ్లను కాటా ఎక్కించండి. మట్టి బరువు 17 టన్నుల దగ్గర కాకుండా 13 చుట్టూ తిరుగుతుంటే ఇదే.
- ఎక్కువ తవ్వారు. కాటా సరిగానే ఉంటే టేపు తీసి సెక్షన్ మళ్లీ కొలవండి. అడుగు పది సెంటీమీటర్లు ఎక్కువ లోతుకు పోయి, కింది వెడల్పూ వాలూ అలాగే ఉంటే, ఈ కాలువ మొత్తం మీద దాదాపు 43 క్యూబిక్ మీటర్లు పెరుగుతుంది. నాలుగైదు ట్రిప్పులు అక్కడికే సరి. ఆ గుంతను మళ్లీ పూడ్చాలంటే ఖర్చు రెండుసార్లు.
- మట్టి తడిసింది, లేదా నేల మారింది. కాటా బరువు సరే, కొలతలూ సరే, అయినా ట్రిప్పులు ఎక్కువంటే గుంత పరీక్ష మళ్లీ చేయండి.

ట్రిప్పులు తక్కువైనా సంతోషించకండి. 128 క్యూబిక్ మీటర్లకు పది చీటీలే ఉంటే బండ్లు బరువు మించి పోతున్నాయి, లేదా లోతు చాలలేదు, లేదా కొంత మట్టి దగ్గర్లోనే ఎవరి ఖాళీ స్థలంలోనో పడుతోంది.

చీటీ మీద బండి నంబరు, టైము, ఏ చైనేజీ మట్టి, తొట్టి నిండిందా లేదా అన్నవి ఉండాలి. చైనేజీ రాయని చీటీతో పైన చెప్పినట్టు సరిచూడటం కుదరదు.

## 10. మట్టి అంతా తోలనక్కర్లేనప్పుడు

ఇదే కందకం తెరిచి ఉంచే కాలువ కాకుండా పైపు వేసి పూడ్చేదైతే, మిగిలే మట్టే బయటికి పోతుంది. పైపు బయటి వ్యాసం 75 సెంటీమీటర్లు అనుకుందాం. అది 90 మీటర్లలో ఆక్రమించేది 39.8 క్యూబిక్ మీటర్లు. కింద 15 సెంటీమీటర్ల ఇసుక పరుపుకు (1.2 + 0.15) × 0.15 × 90 = 18.2. మొత్తం 58. తిరిగి పూడ్చిన మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి, పాత నేలంత గట్టిగా చేస్తే తోలాల్సింది ఈ 58 మాత్రమే. 9.6తో భాగిస్తే ఆరుకు కాస్త పైన, అంటే ఏడు ట్రిప్పులు.

పూడ్చేదాకా మిగతా 402 క్యూబిక్ మీటర్లు ఎక్కడ పెట్టాలో కూడా ముందే చూసుకోవాలి. వదులుగా అది 502 అవుతుంది. మీటరు పొడవుకు 5.6 చొప్పున గట్టు వెంట పోస్తే కుప్ప సుమారు 1.9 మీటర్ల ఎత్తు, 5.8 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంచు నుంచి వదలాల్సిన 1.5 మీటర్లూ కలిపితే ఒక పక్కన 7.3 మీటర్ల చోటు కావాలి.

ఆ చోటు లేని వీధిలో ఏడు ట్రిప్పుల లెక్క పనికిరాదు. 48 ట్రిప్పులూ బయటికి పోవాలి, పూడ్చేటప్పుడు 42 ట్రిప్పులు తిరిగి రావాలి. రేటు మాట్లాడేటప్పుడు పోను, రాను విడివిడిగా రాయించుకోండి.